గూగుల్ యాడ్స్‌లో నిన్నటి లెక్క చూసి బడ్జెట్ తగ్గించొచ్చా?

ధర్మవరం పట్టు (అనంతపురం)
ధర్మవరం పట్టుచీరలు మా సైట్‌లో అమ్ముతాం. రోజుకు 1,500 రూపాయలు గూగుల్ యాడ్స్‌కు పెడుతున్నాం. సోమవారం పొద్దున చూస్తే ఆదివారానికి రెండే ఆర్డర్లు, అంటే ఆర్డరుకు 750 పడింది. బడ్జెట్ సగానికి కోసేద్దాం అన్నాడు తమ్ముడు. గురువారం మళ్లీ అదే ఆదివారం తెరిస్తే నాలుగు చూపిస్తోంది. అయిపోయిన రోజు లెక్క ఎట్లా మారుతుంది? ఏ నంబరు నమ్మాలి?

కర్నూలు కుర్రోడు
ఇది మామూలే అన్నా. లెక్క తేలడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చని అనలిటిక్స్ హెల్ప్ పేజీలో గూగుల్ వాళ్లే రాశారు. రెండు రోజులాగి చూడు, ఆ తర్వాత కదలదు. నేను ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్ యాడ్స్ చూస్తాను, ఎప్పుడూ మూడో రోజు అంకె పట్టుకునే పోతా, ఇబ్బంది రాలేదు.

లెక్కలక్క (కడప)
48 గంటల మాట నిజమే తమ్ముడూ, కానీ అది వచ్చిన డేటాను ప్రాసెస్ చేయడానికి పట్టే టైము. ఆదివారం రెండు గురువారానికి నాలుగైంది వేరే కారణంతో. గూగుల్ యాడ్స్ ఆర్డరును కొన్న రోజు ఖాతాలో వేయదు, యాడ్ నొక్కిన రోజు ఖాతాలో వేస్తుంది. ఆదివారం ఒకామె యాడ్ నొక్కి చీర చూసింది, వదినకు ఫోటో పంపింది, ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకున్నారు, బుధవారం కొనింది. ఆ ఆర్డరు పోయి ఆదివారం గడిలో కూర్చుంటుంది. ఖర్చు మాత్రం ఆదివారం రాత్రికే దాదాపు మొత్తం పడిపోయి ఉంటుంది. అందుకే ఎప్పుడు తెరిచినా ఆఖరి మూడు నాలుగు రోజులు దెబ్బతిన్నట్టు, పాత రోజులు బాగున్నట్టు కనిపిస్తాయి.

నొక్కాక ఎన్ని రోజుల్లోపు కొంటే లెక్కలో వేయాలనే గడువును విండో అంటారు. మామూలుగా అది 30 రోజులు ఉంటుంది, మార్చుకోకపోతే అంతకాలం ఆ గడి పెరిగే అవకాశం ఉంది. కోచింగ్ సెంటర్‌లో ఫారం నింపేవాళ్లు నొక్కిన గంటలోపే నింపేస్తారు కాబట్టి నీకు మూడో రోజుకు సరిపోయింది. పట్టుచీర కొనేవాళ్లు అంత తొందరగా తేల్చరు.

ధర్మవరం అన్నా, మీ కొనుగోలుదారులు ఎన్ని రోజులు తీసుకుంటున్నారో మీ అకౌంట్‌లోనే ఉంది. రిపోర్టులో `Segment` నొక్కి, `Conversions` కింద `Days to conversion` పెట్టండి. అయితే ఈ నెల తీసుకోవద్దు, పూర్తిగా 30 రోజులు దాటిపోయిన నెల తీసుకోండి. కొత్త రోజులు కలిపితే నిదానంగా కొనేవాళ్లు ఇంకా లెక్కలోకే రాలేదు కాబట్టి అందరూ వెంటనే కొంటున్నట్టు కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు వంటిల్లు
నాకూ ఇదే టెన్షన్. నా యూట్యూబ్ ఛానల్‌లో పోయిన వారం చూపించిన డబ్బులు ఇప్పుడు తగ్గాయి. ఎవరైనా కోసేశారా?

లెక్కలక్క (కడప)
అది వేరే సంగతి చెల్లీ. స్టూడియోలో కనిపించేది అంచనా మాత్రమే, చెల్లని ట్రాఫిక్ లాంటివి తీసేశాక అసలు మొత్తం తర్వాతి నెల 7 నుంచి 12 తేదీల మధ్య తేలుతుంది. ఇంకోటి, వాళ్ల రోజు అమెరికా పసిఫిక్ టైము ప్రకారం మారుతుంది, మనకు అది మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒకటిన్నరకో. మన పొద్దున చూసే "ఈరోజు" వాళ్లకింకా నిన్నే.

ధర్మవరం పట్టు (అనంతపురం)
అక్కా, పాత నెల తీసి చూశాను. మొత్తం 150 ఆర్డర్లు, ఆర్డరుకు 300 పడింది. అందులో 60 మాత్రమే మొదటి రోజులోపు వచ్చినవి. వారం తిరిగేసరికి 120, రెండు వారాలకు 141. అంటే ఆదివారం రెండును నూటికి నలభైతో లెక్కేస్తే ఐదు, మా మామూలు రోజే కదా?

లెక్కలక్క (కడప)
దారి సరైనదే, కానీ ఒక్క రోజు మీద ఆ లెక్క వేయొద్దు. రెండు బదులు ఒకటి వచ్చుంటే రెండున్నర అనేవారు, మూడొస్తే ఏడున్నర అనేవారు. ఒక్క ఆర్డరు అటూ ఇటూ అయితే అంచనా ఇంత ఊగుతుంది. వారం మొత్తం కలిపి చూడండి.

నేనైతే చేసేది ఇది. ప్రతి సోమవారం పొద్దున, పోయిన సోమవారం నుంచి నిన్నటి దాకా రిపోర్టు ఎన్ని ఆర్డర్లు చూపిస్తోందో పుస్తకంలో రాసిపెడతా. పోయిన సోమవారం ఆ గడిలో ఏముండిందో గూగుల్ యాడ్స్ మళ్లీ చూపించదు, కాబట్టి మనమే రాసుకోవాలి. మీ వారానికి చివరకు 35 దాకా తేలుతాయి, సోమవారం పొద్దున మాత్రం 21, 24, 22 అట్లా కనిపిస్తుంటాయి. ఈ సోమవారం 22 ఉంటే ఏమీ జరగలేదు. 12 ఉంటే నిజంగానే ఏదో మారింది. అప్పుడే పుట్టిన వారాన్ని అదే వయసులో ఉన్న పాత వారంతో పోల్చాలి, పండిపోయిన నెలతో పోలిస్తే ఎప్పుడూ నష్టమే కనిపిస్తుంది.

మైదుకూరు వ్యాపారి
ఇంత పుస్తకాలెందుకండీ? `Conversions (by conv. time)` అని ఇంకో కాలమ్ ఉంది, కొన్న రోజు ప్రకారమే చూపిస్తుంది, షాపు లెడ్జరుతో సరిపోతుంది, పాత రోజులు ఇట్లా పెరగవు.

లెక్కలక్క (కడప)
లెడ్జరుతో సరిచూసుకోవడానికి మంచిదే. ఆ రోజు ఖర్చును దాంతో భాగించారంటేనే చిక్కు. యాడ్స్ ఈరోజు ఆపేసినా పాత క్లిక్కుల ఆర్డర్లు వారం పాటు పడుతూనే ఉంటాయి, ఖర్చు లేకుండానే అమ్ముడుపోతోందని సంబరపడతారు. శ్రావణానికి ముందు బడ్జెట్ రెట్టింపు చేసినప్పుడు దీనికి తలకిందులు, మొదటి రోజులు ఘోరంగా కనిపిస్తాయి.

మైదుకూరు వ్యాపారి
నా ఖర్చు ఏడాదంతా ఒకటే, పెంచింది లేదు, తగ్గించింది లేదు. నాకు అదే బాగుంది.

లెక్కలక్క (కడప)
ఖర్చు కదలకపోతే మీ పద్ధతి నడుస్తుంది, ఒప్పుకుంటా. ధర్మవరం అన్న కోయాలా వద్దా అంటున్నాడు కాబట్టి ఆయనకు నడవదు.

కర్నూలు కుర్రోడు
అక్కా, లెక్క తేలేదాకా రెండు వారాలు ఆగితే 21,000 పోతుంది. నిజంగానే యాడ్ చెడిపోయుంటే?

లెక్కలక్క (కడప)
చెడిపోయినవాటికి ఆగక్కర్లేదు. క్లిక్కులు, ఖర్చు మరుసటి రోజుకే దాదాపు స్థిరపడతాయి. క్లిక్కులు ఎప్పటిలాగే ఉండి లెడ్జరులో ఒక్క ఆర్డరూ పడలేదంటే పేమెంట్ పేజీ మీరే తెరిచి ఒక చీర బుక్ చేసి చూడాలి. లెడ్జరులో ఆర్డర్లు పడుతూ గూగుల్‌లో సున్నా ఉంటే, ఆర్డరు పడ్డ సంగతి గూగుల్‌కు చెప్పే ట్యాగ్ సైట్‌లోంచి ఊడిపోయిందేమో చూడాలి. ఇవి అదే రోజు పని. ఆర్డరుకు ఎంత పడిందనే లెక్క మీద బడ్జెట్ కోయడం మాత్రం ఆగి చేయాలి. క్లిక్కుకు ఎంత పెట్టాలో గూగుల్‌కే వదిలేసే స్మార్ట్ బిడ్డింగ్ పెట్టుకుని వారానికి రెండుసార్లు టార్గెట్ మారిస్తే, ఏ మార్పు వల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు.

ధర్మవరం పట్టు (అనంతపురం)
తమ్ముడు పూర్తిగా ఒప్పుకోలేదు, 1,200 చేద్దాం అంటున్నాడు. ఇంకో సందేహం కూడా ఉంది. మావాటిలో సగం క్యాష్ ఆన్ డెలివరీ, కొన్ని తలుపు దాకా పోయి తిరిగొస్తాయి. అవి లెక్కలోంచి తీసేస్తుందా?

లెక్కలక్క (కడప)
తనంతట తీయదు. ఆర్డరు ఐడీతో పాటు వెనక్కి తీసుకున్న సంగతి మీరే అప్‌లోడ్ చేస్తే తగ్గిస్తుంది. చేయకపోతే 300 అనుకున్నది నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంటుంది. 1,200 చేస్తే ఆ తేదీ పుస్తకంలో రాసి, ఆ వారాన్ని పాత వారాలతో కలపకుండా చూడండి.

మైదుకూరు వ్యాపారి
తిరిగొచ్చినవి నేను అప్‌లోడ్ చేయను. యాడ్ తన పని చేసింది, డెలివరీ వాడు రెండుసార్లు ఫోన్ చేయకుండా వెనక్కి పంపితే ఆ తప్పు యాడ్ మీద ఎందుకు వేయాలి?

ధర్మవరం పట్టు (అనంతపురం)
మాకు తిరిగొచ్చేవి ఎక్కువగా కొన్ని ఊళ్ల నుంచే. అక్కడ యాడ్ చూపించడం ఆపాలా, కొరియర్ మార్చాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. పిన్‌కోడ్ల వారీగా లెక్క తీసి ఇక్కడే పెడతా.