వీసా సూచనల ఫోటోల నుంచి చెక్‌లిస్ట్: ఈ వరుస సరైనదేనా?

నమస్తే అండీ. మా తమ్ముడు ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నాడు. ఎఫ్-1 వీసా సూచనల పేజీలు ఫోటోలు తీసి పంపితే నేను చెక్‌లిస్ట్ రాస్తున్నాను. పేజీల్లో ఇంటర్వ్యూ ముందుంది, ఫీజులు చివర్లో ఉన్నాయి. అందుకే ఏ పనికి ఏ నంబర్ కావాలో చూసి పేర్చాను. యూనివర్సిటీ ఇచ్చే I-20 ఫారం మీద ఉన్న సెవిస్ నంబర్ లేనిదే I-901 ఫీజు కట్టలేం, DS-160 వీసా దరఖాస్తులోనూ అదే అడుగుతారు. DS-160 బార్‌కోడ్ నంబర్‌తోనే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఇంతవరకు సరేనా?

అసలు చిక్కు పత్రాల దగ్గర. పాస్‌పోర్ట్, I-20 చాలా పేజీల్లో వస్తున్నాయి. ఒక్కసారే రాయాలా, వేలిముద్రల రోజు కిందా ఇంటర్వ్యూ రోజు కిందా విడివిడిగా రాయాలా? విడిగా రాస్తేనే ఆ రోజు ఏదీ మర్చిపోడనిపిస్తోంది. ఒక ఫోటోలో అంచు తెగి, ‘కనీసం’ తర్వాత ఎన్ని రోజులో కనిపించడం లేదు. ఊహించి రాయలేను కాబట్టి ఖాళీ వదిలి, ఆ పేజీ మళ్లీ తీయమన్నాను. ఇలాంటి జాబితా చేసినవాళ్లు ఎలా రాసుకున్నారో చెప్పరూ?