అప్‌డేట్: షాపులో దొంగతనం, నైట్ రిపోర్ట్ ఎలా రాశానంటే

నా ప్రశ్న: నేను నైట్ సెక్యూరిటీ గార్డుని. కాపలా ఉన్న కాంప్లెక్స్‌లో మొబైల్ షాపులో దొంగలు పడ్డారు. రిపోర్ట్‌లో ఏం రాయాలి?

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. రిపోర్ట్ ఇచ్చేశాను.

ఎక్కువ సేపు పట్టింది దొంగ ఎటు నుంచి వచ్చాడన్న దగ్గరే. వెనక తలుపు బార్లా తీసి ఉంది కాబట్టి అటే వచ్చాడని ఓనర్ గారు అన్నారు. కానీ ఆ తలుపు గడియ విరగలేదు, లోపలి నుంచి తీసినట్టే ఉంది. బాత్రూమ్ వెంటిలేటర్ అద్దం ముక్కలు మాత్రం ఎక్కువగా లోపలి నేల మీదే పడ్డాయి, కడ్డీలు లోపలికి వంగి ఉన్నాయి. అందుకే "వెంటిలేటర్ పగిలి ఉంది, వెనక తలుపు తెరిచి ఉంది, ముందు షట్టర్ తాళాలు రెండూ సరిగ్గా ఉన్నాయి" అని చూసింది చూసినట్టు రాశాను. ఎటు వచ్చి ఎటు పోయాడో తేల్చడం పోలీసుల పని.

పోయిన సామాన్ల లిస్టు నేను తయారు చేయలేదు. "షోకేసులో రెండు అరలు ఖాళీ, క్యాష్ డ్రాయర్ బయటికి లాగి ఉంది" అని రాసి, ఫోన్లు, నగదు వివరాలు "ఓనర్ చెప్పిన ప్రకారం" అని విడిగా పెట్టాను. ఐఎంఈఐ నంబర్లు ఆయన స్టాక్ బిల్లుల్లోంచి తీసి పోలీసులకిచ్చారు.

తర్వాత నేను చేసినవి టైములతో సహా వరసగా రాశాను: 2:40కి చూశాను, 2:43కి 112కి, ఆ వెంటనే ఓనర్‌కి, సూపర్‌వైజర్‌కి ఫోన్. క్లూస్ టీమ్ వచ్చేదాకా ఎవరినీ లోపలికి వెళ్లనివ్వలేదు. ఎస్సై గారు ముందు అడిగింది ఆ టైములే.