అప్‌డేట్: పీరియడ్స్ ముందు రొమ్ము నొప్పి, గడ్డ – స్కాన్‌లో ఏం తేలిందంటే

నా పాత ప్రశ్న: "పీరియడ్స్‌కి వారం ముందు రెండు రొమ్ములూ బరువెక్కి నొప్పి, ఎడమవైపు గడ్డ తగులుతోంది, స్కాన్ అవసరమా?"

జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. రెండు నెలలు డేట్లు రాసుకోమన్న సలహానే పనికొచ్చింది. నొప్పి, చంకల వైపు చేతికి తగిలే చిన్నచిన్న ముద్దలు పీరియడ్ మొదలైన మూడు నాలుగు రోజులకే తగ్గిపోయేవి, కానీ ఎడమవైపు ఉసిరికాయంత గడ్డ మాత్రం పీరియడ్ అయిపోయాక కూడా అక్కడే, అదే సైజులో ఉంది. అలా పోకుండా ఒకేచోట ఉండేదానికి నొప్పి ఉన్నా లేకపోయినా స్కాన్ తీయాల్సిందే అన్నారు డాక్టర్. నాకు 34 కాబట్టి ముందు అల్ట్రాసౌండ్ చేశారు. సిస్ట్, లోపల ఉత్త నీరే, సూదితో తీయాల్సిన పని కూడా లేదట. రొమ్ము నొప్పి తగ్గుతుందేమోనని కాఫీ మానేసి తలనొప్పి తెచ్చుకున్నాను, దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. గడ్డ పెరిగినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వెంటనే రమ్మన్నారు.