అప్‌డేట్: నెల్లూరు చేపల పులుసు వీడియోకు టైటిల్ ఏ భాషలో?

నేనడిగింది: "తెలుగు టైటిల్ పెడితే అమెరికాలో మనవాళ్ల పిల్లలు చదవలేకపోతున్నారు. ఇంగ్లీషు కలపాలా?"

సలహాలిచ్చినవాళ్లకు థాంక్స్. కలపలేదు. రెండు భాషలు కుక్కితే ఫోన్‌లో టైటిల్ సగానికే తెగిపోతోంది. యూట్యూబ్ స్టూడియోలో వీడియో భాష తెలుగు అని పెట్టి, ఇంగ్లీషును ఇంకో భాషగా చేర్చి, టైటిల్, వివరణ అనువాదం రాయమన్న సలహా పనిచేసింది. ఇప్పుడు యూట్యూబ్‌ను ఇంగ్లీషులో వాడేవాళ్లకు `Nellore Chepala Pulusu` అని కనిపిస్తోంది.

ఒక చిక్కుంది. మన నెల్లూరులోనూ చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, వాళ్లకూ ఇంగ్లీషు టైటిలే వస్తుంది. అందుకే థంబ్‌నెయిల్ మీద అక్షరాలు తెలుగులోనే ఉంచాను. మాట కూడా మన యాసే. కొర్రమీను లాంటి పేర్లకు మాత్రం ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో `murrel` అని రాస్తున్నా.

పోస్ట్ చేసే టైమ్, హ్యాష్‌ట్యాగ్‌లు మార్చి చూశాను, తేడా ఏమీ కనిపించలేదు.