అప్‌డేట్: లేజర్ తగిలిన సెన్సార్ చుక్క వీడియోలోంచి పోయింది

నేను అడిగింది: "సంగీత్‌లో లేజర్ లైట్ కెమెరా సెన్సార్‌కి తగిలి, అప్పట్నుంచి ప్రతి ఫ్రేమ్‌లో ఒకే చోట తెల్ల చుక్క మెరుస్తోంది, ఎడిటింగ్ అయిపోయిన వీడియోలోంచి ఎలా తీయాలి?"

పని అయింది, అందరికీ థాంక్స్ అండీ. ఫైనల్ వీడియోలో జూమ్ చేసిన షాట్లలో చుక్క చోటు మారిపోతోంది, కాబట్టి ఒరిజినల్ క్లిప్పుల మీదే సరిచేసి, అవే పేర్లతో టైమ్‌లైన్‌లో మార్చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ కొట్టాను.

```
ffmpeg -i a.mp4 -vf "delogo=x=1208:y=414:w=10:h=10" -c:v libx264 -crf 16 -c:a copy b.mp4
```

ఈ నంబర్లు నా ఫుల్ హెచ్‌డీ క్లిప్‌వి, మీ చుక్క ఎక్కడుందో చూసుకుని పెట్టుకోండి. కోట్స్ లోపలే `h=10` తర్వాత `:show=1` కలిపితే ఆకుపచ్చ గీత డబ్బా కనిపిస్తుంది, దాంతో సరిచూసుకోవచ్చు. మొదట 4x4 డబ్బా పెడితే చుక్క పోయి లేత ఎర్రటి మరక మిగిలింది, ఎందుకంటే కంప్రెషన్‌లో దాని రంగు చుట్టూ ఉన్న పిక్సెల్స్‌లోకి కూడా పాకుతుంది, ఈ ఫిల్టర్ డబ్బా అంచు బయటి పిక్సెల్స్ చూసే లోపల నింపుతుంది, అందుకే మరక మొత్తం డబ్బాలో పడేంత పెద్దది పెట్టాలి.

గోడ, చీకటి, ముఖం మీద అసలు తెలీట్లేదు, పెళ్లికూతురి చీర జరీ అంచు మీదికి వచ్చినప్పుడు మాత్రం చిన్నగా అలుక్కుపోయినట్టుంది, ఆ ఒక్క షాట్‌ని వేరే కెమెరా యాంగిల్‌తో మార్చేశాను. కెమెరాలో డిజిటల్ స్టెబిలైజేషన్ ఆన్‌లో తీసుంటే చుక్క కదులుతుంది కాబట్టి ఇది పనిచేయదు, అప్పుడు ట్రాకింగే గతి.