"రఖ్‌నా మత్": కొరియర్‌కు రాసే సందేశంలో ఆ "మత్" ఎటు చేరుతుంది?

గోదావరి గట్టు

సభ్యులకు నమస్కారం. మా అమ్మగారు హైదరాబాదులో రెండో అంతస్తులో, 202లో, ఒంటరిగా ఉంటారు. ఆవిడకు కావలసిన ఇన్సులిన్‌ను నేను బెంగళూరు నుంచే ఆర్డరు పెట్టి మందుల దుకాణం ద్వారా ఇంటికి పంపిస్తుంటాను. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కనుక, ఎండ తగిలే గేటు దగ్గర పెట్టి వెళ్లకుండా వాచ్‌మన్ చేతికి ఇవ్వమని రాయాలి. పార్సిల్ తెచ్చే అబ్బాయికి తెలుగు రాదు. హిందీ గానీ ఇంగ్లీషు గానీ అయితే చదువుతాడు. నేను రాసుకున్న వాక్యం ఇది:

```
Gate pe rakhna mat watchman ko dena
```

దీన్ని చదువుతుంటే చిన్నప్పుడు హిందీ తరగతిలో నల్లబల్ల మీద చూసిన వాక్యమేదో సగం గుర్తుకొచ్చి వేధిస్తోంది. "రోకో మత్ జానే దో" అని ఉండేదనుకుంటాను. విరామం ఎక్కడ పెడితే అర్థం ఎటు తిరిగేదో ఇప్పుడు తోచడం లేదు. నా వాక్యానికీ అదే చిక్కు ఉందా?

హిందీ మాష్టారు

ఉంది, బాబూ. "రోకో" తరువాత ఆగితే ఆపమనీ, పోనివ్వవద్దనీ అర్థం. "మత్" తరువాత ఆగితే ఆపవద్దనీ, పోనివ్వమనీ అర్థం. మీ వాక్యంలో "రఖ్‌నా" తరువాత ఆగి చదివినవాడు పార్సిల్‌ను గేటు దగ్గరే పెట్టి, వాచ్‌మన్‌కు ఇవ్వకుండా వెళ్తాడు, అంటే మీరు కోరినదానికి సరిగ్గా విరుద్ధంగా చేస్తాడు. "మత్" క్రియకు ముందు రావడం సాధారణమే అయినా, "భూల్‌నా మత్" వంటి మాటల్లో వెనక కూడా వస్తుంది కనుక, రెండు క్రియల నడుమ చిక్కుకున్నప్పుడు అది ఇటూ చూస్తుంది, అటూ చూస్తుంది. తెలుగులో "పెట్టొద్దు" అన్నా "ఇవ్వకు" అన్నా వద్దనడం క్రియను అంటిపెట్టుకునే ఉంటుంది. అందుకే మనం తెలుగులో ఆలోచించి హిందీలో రాసేటప్పుడు ఈ ప్రమాదం కంటికి ఆనదు.

తిక్కన వీరాభిమాని

ఇది అచ్చంగా "అశ్వత్థామ హతః" వంటిదే. ద్రోణపర్వం తెలుగు చేసిన తిక్కనగారి చేతిలో ఆ ఘట్టం చదివినవారికి, ఒక్క మాట స్థానం ఎంత పని చేస్తుందో వేరే చెప్పనక్కర లేదు.

హిందీ మాష్టారు

తిక్కనగారి మీద మీకున్న ప్రేమను కాదనను గానీ, పోలిక పూర్తిగా కుదరదండీ. ధర్మరాజు మాటలో మాయ పదాల వరుసలో లేదు, "కుంజరః" అన్నప్పుడు గొంతు తగ్గించడంలో ఉంది. ఇక్కడ గొంతే లేదు, తెర మీది అక్షరాలు మాత్రమే ఉన్నాయి.

చార్మినార్ నీడ

"మత్" మీద ఇంత తర్జనభర్జన ఎందుకో నాకు తెలియడం లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన నేనైతే "గేట్ పే నక్కో రఖో, వాచ్‌మన్ కూ దేవ్" అంటాను. కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన దక్కనీ ఉండగా బడిలో నేర్చిన హిందీతో మనకేం పని? "నక్కో" ముందు క్రియను వదిలి వెనక క్రియను పట్టుకున్న సందర్భం నేను ఎన్నడూ వినలేదు.

హిందీ మాష్టారు

వాచ్‌మన్‌తో నోటితో మాట్లాడేటప్పుడు మీరన్నదే అందం. అయితే ఆ అబ్బాయి బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చినవాడైతే "నక్కో" అతనికి కొత్త మాట. మరాఠీ వచ్చినవాడైతే తమ "నకో"ను బట్టి పోల్చుకుంటాడు. వద్దనే మాటే అందకపోతే మిగిలేది "గేట్ పే రఖో" కదా.

పలమనేరు పెద్దక్క

మా ఇల్లు గుడికి ఎదురుగా ఉంటుంది. "మందిర్ కే సామ్‌నే" అని రాస్తే పార్సిల్ గుడి మెట్ల మీద దొరికింది. ఇలాంటప్పుడు ఏం రాయాలో కూడా ఎవరైనా చెప్పండి.

హిందీ మాష్టారు

అక్కగారూ, "సామ్‌నే" అంటే ముందర అనీ ఎదురుగా అనీ రెండూ వస్తాయి. "సడక్ కే ఉస్ పార్" అని చేర్చి, ఇంటి గేటు రంగు రాయండి.

రోమన్ లిపి వద్దు

అసలు ప్రమాదం కామాలో లేదు, లిపిలో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో "mat" అని చూసినవాడు కాలు తుడుచుకునే డోర్‌మ్యాట్ అనుకోడని నమ్మకమేమిటి? "rakhna" పక్కనే "mat" కనిపిస్తే పట్టా మీద పెట్టమన్నారని చదువుకోవచ్చు. గట్టిగా చెప్పాలని "ko hi" అని రాస్తారు, ఆ "hi" పలకరింపులా కనిపిస్తుంది. నాగరి లిపిలో రాస్తే ఈ బాధలేవీ ఉండవు.

గోదావరి గట్టు

ఆ పట్టా సంగతి నాకు తట్టనే లేదు. అయితే ఇప్పుడు వస్తున్న అబ్బాయి హిందీ చదువుతాడేమో గానీ, రేపు వచ్చేవాడికి నాగరి రాకపోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలైతే ఇద్దరూ కూడబలుక్కుంటారు. పైగా కామా పెట్టినా బండి మీద ఉన్నవాడు దాన్ని గమనిస్తాడన్న ధైర్యం నాకు లేదు.

బండి మీద బతుకు

నేను రెండేళ్లు ఈ పనే చేశాను, కనుక చెబుతున్నాను. ఎండలో తెర సరిగ్గా కనిపించదు, ఒక చేతిలో పెట్టె ఉంటుంది, సందేశంలో మొదటి నాలుగైదు మాటలే కంటికి ఆనుతాయి. చదివేవాడు ముందుగా పట్టుకునేవి పేర్లు: గేటు, వాచ్‌మన్, ఫ్లాటు అంకె. మీ వాక్యం గేటుతో మొదలైంది కనుక, "మత్" అక్కడ ఉన్నా లేకపోయినా, తొందరలో ఉన్నవాడి మనసు గేటు దగ్గరే ఆగుతుంది. ముందు చేయవలసిన పని రాయండి, చేయకూడనిది రాయనే వద్దు. ఇంకొకటి, వాచ్‌మన్ నీళ్ల మోటారు వేయడానికి వెళ్లి కనిపించకపోతే ఏం చేయాలో మీరు చెప్పలేదు. అది చెప్పకపోతే ఎంత శుద్ధమైన హిందీ రాసినా పెట్టె గేటు దగ్గరే మిగులుతుంది.

గోదావరి గట్టు

చాలా మేలు చేశారండీ. అమ్మ మెట్లు దిగలేరు గానీ తలుపు తీయగలరు. అందుచేత ఇలా మార్చాను. ఆ "hi" జోలికీ పోలేదు.

```
Watchman ko dein. Watchman na ho to 202, 2nd floor. Dawai hai, dhoop se bachayein.
```

హిందీ మాష్టారు

బాగుంది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వాక్యం ఉండి, నడుమ చుక్క ఉంది కనుక ఏ మాటా పక్క వాక్యంలోకి జారదు. "దేనా" బదులు "దేఁ" అనడంలో మర్యాద కూడా పెరిగింది. గేటు ప్రస్తావన తీసేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. గేటు దగ్గర వదిలే అలవాటున్నవాడికి ఆ ఒక్కటీ వద్దని చెప్పి తీరాలి. చివర "గేట్ పర్ న ఛోడేఁ" అని చేర్చండి. "న" మర్యాదైన మాట, పైగా క్రియకు ముందే నిలుస్తుంది.

బండి మీద బతుకు

మాష్టారూ, గేటు అన్న మాట చివర రాసినా కంటపడుతుంది. "ఛోడేఁ" ముందున్న ఆ చిన్న "న"ను ఎండలో ఎవరు చూస్తారు?

రోమన్ లిపి వద్దు

నాగరిలో రాస్తే చూస్తారు.

తిక్కన వీరాభిమాని

"న" మర్యాద, "మత్" కటువు అన్నది నేను ఒప్పుకోను. "మత్ రఖియే" అని పెద్దవాళ్లతో అనేవాళ్లను కాశీలో నేను స్వయంగా విన్నాను.

హిందీ మాష్టారు

అంటారు, కాదనను. మర్యాద అక్కడ "రఖియే"లో ఉంది, "మత్"లో లేదు. ఆ "మత్"ను "రఖియే" వెనక్కి జరిపి, దాని పక్కన ఇంకో క్రియ పెట్టి చదివి చూడండి.