తెల్ల కారు పోయింది, అంచు మిగిలింది: లూమినాసిటీ మాస్క్ గురించి సలహా కావాలి

నమస్కారం. కైలాసగిరి మీద నుంచి ఉదయాన తీసిన బీచ్ రోడ్డు ఫోటోలో ఒక తెల్ల కారు చూపును లాగేస్తోంది. తారు మీది మెత్తని బూడిద వెలుగు నాకు ప్రాణం కాబట్టి, దాన్ని ముట్టుకోకుండా కారును మాత్రమే తీసేయాలని నా ప్రయత్నం.

ఫోటోషాప్ ఛానెల్స్‌లో RGB మీద Ctrl నొక్కి క్లిక్ చేసి, ఆపై Ctrl+Alt+Shift తో రెండుసార్లు క్లిక్ చేసి ఎంపికను కుదించాను. కెరటాల నురగ కూడా అందులోకి వచ్చినందున లాసోతో కారు వరకే పరిమితం చేసి, కొత్త లేయర్ మీద పక్కనున్న తారును క్లోన్ చేశాను.

240 విలువ గల కారు పైకప్పు సుమారు 83 శాతం ఎంపికై దాదాపు కప్పబడింది. 128 విలువ గల తారుకు సుమారు 13 శాతమే తగిలింది. అయితే 180 దగ్గర ఉన్న కారు అంచులు 35 శాతమే మారడంతో, దగ్గరగా చూస్తే సన్నని తెల్లని గీత కారు ఆకారాన్నే చూపిస్తోంది. టైర్లు, నీడ ఎలాగూ మాస్క్‌కు అందవు, వాటిని విడిగా చెరుపుతాను.

ఈ అంచు కోసం లెవెల్స్‌తో మాస్క్‌లో ఆ అంచుల విలువను తెలుపు వైపు జరపడం మేలా, లేక మాస్క్ వదిలి క్లోన్ స్టాంప్‌ను డార్కెన్ మోడ్‌లో వాడితే తారులోని గరుకుదనం చెడకుండా ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలపగలరు.